గైడ్‌కి సారీ చెప్పడానికి చాప్టర్ పూర్తయ్యే దాకా ఆగకండి

వారం వారం గైడ్‌ని కలవాల్సిన పీహెచ్‌డీ స్కాలర్ ఆ మీటింగులు వరసగా రద్దు చేసుకుంటూ పోతే, చెప్పే కారణం మామూలుగా జ్వరమో, ఊరి ప్రయాణమో, గెస్ట్ క్లాసులో అయి ఉంటుంది. అవి అబద్ధాలని నేను అనను. కానీ చేతిలో రాసింది ఏదైనా ఉన్న వారం జ్వరం వచ్చినా ఫోన్ చేసి మాట్లాడతారు. చూపించడానికి ఏమీ లేని వారమే మెసేజ్ వస్తుంది: "మేడమ్, ఈ వారం కుదరడం లేదు, వచ్చే వారం తప్పకుండా కలుస్తాను."

వచ్చే వారం ఏమవుతుందో ఆలోచించండి. ఇప్పుడు రెండు వారాల పని చూపించాలి అనిపిస్తుంది. ఒక వారం పనే కానివాళ్లకు రెండు వారాల పని ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే ఆ వారం కూడా రద్దు. మూడో వారానికి ఏకంగా చాప్టర్ డ్రాఫ్ట్ పట్టుకెళ్తే తప్ప ముఖం చూపించలేనన్న స్థితి వస్తుంది. ఇది చక్రవడ్డీ లాంటిది. అసలు ఎంతో చిన్నది, దాని మీద పెరుగుతూ పోయేదే తీర్చలేనంత అవుతుంది. గైడ్ ఏమీ అడగకపోయినా స్కాలర్ మనసులో ఈ లెక్క నడుస్తూనే ఉంటుంది.

నేను హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో ఎకనామిక్స్ చెబుతాను, పరిశోధనకు గైడ్‌గా ఉంటాను. ఈ విషయంలో నా అభిప్రాయం, నాతోపాటు పనిచేసే చాలామంది అభిప్రాయానికి ఎదురుగా ఉంటుంది. వాళ్ల మాట ఏమిటంటే, ఇన్నిసార్లు రాకపోయిన స్కాలర్ తిరిగి వచ్చేటప్పుడు పని పూర్తి చేసుకుని రావాలి, అదే అసలైన క్షమాపణ, ఖాళీ చేతులతో సారీ చెప్పడానికి రావడం గైడ్‌ని అవమానించడమే అని. నేను దీన్ని ఒప్పుకోను. పని పూర్తయ్యాక సారీ చెబుదాం అనుకోవడమే ఆ స్కాలర్‌ని బయట ఆపి ఉంచుతోంది. పని ఆగిపోయింది కనుకనే కదా రావడం లేదు? దాన్ని కదిలించడానికి ఉన్న దారి ఆ మీటింగే. దాన్నే బహుమతిలా చివరికి పెడితే ఎవరూ దాని దాకా చేరరు.

దీన్ని ఒక నిజమైన సంగతితో చెబుతాను. ఆ స్కాలర్ అనుమతి తీసుకునే రాస్తున్నాను.

ఆమె పరిశోధన సిద్దిపేట వైపు చెరువుల కింది సాగు మీద. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక పూడిక తీసిన చెరువుల ఆయకట్టులో వరి దిగుబడి ఎలా ఉంది, తూముకు దగ్గరున్న పొలాలకూ ఆయకట్టు చివర ఉన్న పొలాలకూ తేడా తగ్గిందా అన్నది ప్రశ్న. ఆరు ఊళ్లలో 240 రైతు కుటుంబాలను సర్వే చేశారు. ఇద్దరు కుర్రాళ్లు ఫారాలు నింపారు, ఆమె వాటిని ఎక్సెల్‌లోకి ఎక్కించింది. అంతవరకూ ప్రతి మంగళవారం నాలుగు గంటలకు నా గదికి వచ్చేది. చెప్పడానికి ఏదో ఒకటి ఉండేది.

డేటా ఎక్కించడం అయిపోయాక రావడం ఆగిపోయింది. మొదట అత్తగారికి ఒంట్లో బాగోలేదు, తర్వాత హాస్టల్ గది మారుతోంది, తర్వాత "అనాలిసిస్ చివరికి వచ్చింది మేడమ్, మొత్తం అయ్యాక ఒకేసారి చూపిస్తాను." ఆ మూడో మెసేజ్ చూసినప్పుడు నాకు టెన్షన్ మొదలైంది. అనాలిసిస్ నిజంగా నడుస్తున్నవాళ్లు మధ్యలోనే ఏదో ఒక టేబుల్ పట్టుకుని ఉత్సాహంగా వస్తారు. మొత్తం అయ్యాక చూపిస్తాను అన్నారంటే ఎక్కడో ఆగిపోయారని అర్థం. గైడ్‌లు గమనించాల్సిన మొదటి గుర్తు ఇదేనని నా అనుభవం. రద్దు చేయడం కన్నా, రద్దు మెసేజ్‌లో పని గురించి పేరు పెట్టి చెప్పే మాట ఒక్కటీ లేకపోవడం ఎక్కువ ఆందోళన కలిగించాలి.

ఆమె ఆగిపోయిన చోటు ఏమిటో తర్వాత తెలిసింది. ఆయకట్టు చివర పొలాల్లో దిగుబడి తూము దగ్గర పొలాల కన్నా ఎక్కువ వస్తోంది. నీళ్లు ఆలస్యంగా, తక్కువగా అందే చోట దిగుబడి ఎక్కువ ఎలా వస్తుంది? సర్వే మొత్తం తప్పయిపోయిందేమో, మళ్లీ ఊళ్లన్నీ తిరగాలేమో అన్న భయంతో ఆమె రాత్రుళ్లు అవే లెక్కలు మళ్లీ మళ్లీ వేసుకుంటూ కూర్చుంది. నాకు చెప్పలేదు. సర్వే సరిగా చేయలేదని అనుకుంటానని.

చివరికి ఆమె పంపిన మెసేజ్ ఇది: "మేడమ్, సారీ. ఇన్ని వారాలు మీటింగులు రద్దు చేశాను, చెప్పిన కారణాలు కొన్ని నిజమే కానీ అసలు కారణం వేరు. దిగుబడి లెక్కలు నాకు అర్థం కావడం లేదు. చివరి పొలాల్లో ఎక్కువ వస్తోంది. అది మీకు చెప్పడానికి భయపడ్డాను. ఈ మంగళవారం నాలుగింటికి వస్తాను. చాప్టర్ లేదు, ఒక పేజీ తెస్తాను."

ఈ మెసేజ్‌లో మంచి ఏముందో కొంచెం వివరంగా చెప్పాలి. ఇలాంటివి రాయాల్సి వచ్చినప్పుడు చాలామంది వేరే దారి పడతారు. కొందరు కారణాల చిట్టా రాస్తారు, ఏ వారం ఏం జరిగిందో తేదీలతో సహా. అది చదివిన గైడ్‌కి కోపం తగ్గదు, ఒక్కో కారణాన్నీ నమ్మాలా వద్దా అని తూచాల్సిన పని పడుతుంది. కొందరు తమను తాము తిట్టుకుంటారు: "నేను మీ దగ్గర చేరడానికే అర్హురాలిని కాదు మేడమ్." అప్పుడు గైడ్ పని వదిలేసి ఓదార్చాల్సి వస్తుంది. కొందరు "ఇకపై ఒక్క వారం కూడా మానను, నెలాఖరుకి రెండు చాప్టర్లు ఇచ్చేస్తాను" అని మాట ఇస్తారు. అన్నిటికన్నా ప్రమాదకరమైనది అదే. రద్దు చేయించిన భారాన్నే ఇంకా పెంచి నెత్తిన పెట్టుకోవడం అది.

ఆమె రాసిన దాంట్లో తప్పు ఏమిటో ఒక వాక్యంలో ఉంది, అసలు కారణం ఒక వాక్యంలో ఉంది, పని ఎక్కడ ఆగిందో పేరు పెట్టి ఉంది, ఎప్పుడు వస్తుందో ఉంది, ఏం తెస్తుందో ఉంది. "మీకు ఎప్పుడు వీలవుతుంది మేడమ్?" అని అడగకుండా పాత టైమ్‌కే వస్తానని చెప్పడం కూడా ముఖ్యమే. ఆ గంట ఇంకా ఖాళీగానే ఉందని, దాన్ని మళ్లీ నిలబెడుతున్నానని చెప్పడం అది. గైడ్‌కి కుదరకపోతే గైడే వేరే టైమ్ చెబుతారు.

ఇక అసలు కారణం చెప్పడం గురించి. ఇంటి సంగతులన్నీ గైడ్‌కి చెప్పాలని నా ఉద్దేశం కాదు. అత్తగారి ఆరోగ్యం, డబ్బు ఇబ్బంది, ఇంట్లో గొడవలు ఆమె సొంత విషయాలు. "ఇంట్లో కొన్ని సమస్యలున్నాయి, వివరాలు చెప్పలేను" అన్నా నాకు చాలు. కానీ పనికి సంబంధించిన కారణం మాత్రం దాచకూడదు. సరిదిద్దగలిగింది అదొక్కటే.

ఆ మంగళవారం ఏం జరిగిందో చెబుతాను. ఆమె తెచ్చిన పేజీలో ఇరవై పొలాల విస్తీర్ణం, దిగుబడి, లెక్క చేతిరాతతో ఉన్నాయి. విస్తీర్ణం కింద 1.15, 2.20, 0.38, 3.10 లాంటి అంకెలున్నాయి. తెలంగాణలో రైతు 2.20 అన్నాడంటే రెండెకరాల ఇరవై గుంటలు. నలభై గుంటలు ఒక ఎకరం కాబట్టి అది రెండున్నర ఎకరాలు. ఎక్సెల్‌కి మాత్రం అది రెండు పాయింట్ రెండు. యాభై క్వింటాళ్లు పండిన పొలాన్ని రెండున్నరతో భాగిస్తే ఎకరాకు ఇరవై క్వింటాళ్లు వస్తాయి. 2.2తో భాగిస్తే ఇరవై రెండున్నర దాటుతుంది. లేని దిగుబడి పుట్టుకొస్తుంది.

మరి తూము దగ్గర పొలాలకు ఎందుకు అలా రాలేదు? ఆ ఫారాలు నింపిన రెండో కుర్రాడు గుంటూరు వైపు వాడు. అతను రైతు చెప్పిన గుంటలను సెంట్లలోకి మార్చి రాసుకున్నాడు. వంద సెంట్లు ఎకరం కాబట్టి అతను రాసిన 2.50 నిజంగానే రెండున్నర ఎకరాలు. మొదటి కుర్రాడు స్థానికుడు, రైతు ఎలా చెబితే అలా రాశాడు. చివరి పొలాలన్నీ అతని వంతు. ఇద్దరూ నిజాయితీగానే రాశారు, ఎవరి అలవాటు ప్రకారం వాళ్లు.

దీన్ని పట్టుకోవడానికి ఊళ్లు తిరగనక్కర్లేదు. పాయింట్ తర్వాత వచ్చే అంకెలు చూస్తే చాలు. గుంటల్లో రాసిన ఫారాల్లో ఆ అంకె 39 దాటదు. సెంట్లలో రాసినవాటిలో 50, 75, 80 కనిపిస్తాయి. ఫారం మీద ఎవరు నింపారో కోడ్ ఉంది కాబట్టి రెండు కుప్పలుగా విడదీసి, మొదటి కుప్పలో పాయింట్ తర్వాతి గుంటలను నలభైతో భాగిస్తే సరిపోయింది. ఒక్క చిక్కు మిగిలింది. ఎక్సెల్ చివరి సున్నాను మింగేస్తుంది కాబట్టి 2.2 అని ఉన్నది ఇరవై గుంటలా, రెండు గుంటలా అన్నది స్క్రీన్ మీద తెలియదు. అలాంటివాటికి కాగితం ఫారం తీసి చూడాల్సిందే. అదీ తేలకపోతే రైతుకి ఫోన్ చేసి పట్టాదారు పాస్‌బుక్కులో ఎంత ఉందో అడగాలి.

ఇదంతా అర్థం కావడానికి మా ఇద్దరికీ అరగంట పట్టలేదు. నా తెలివి వల్ల అని కాదు. ఆ జిల్లాలో పనిచేసిన ఎవరికైనా ఆ అంకెలు చూడగానే తడుతుంది. ఆమెకు తట్టలేదంటే, ఆమె చూస్తున్నది సగటులనే, ఒక్కో పొలం అంకెను కాదు. ఆమె పక్కన ఇంకో మనిషి లేరు. వారం వారం మీటింగ్ ఉండేది ఇందుకే. మొదటి వారమే వచ్చి ఉంటే ఆ రాత్రులన్నీ మిగిలేవి. ఖాళీ చేతులతో రావడం అవమానం అనే నా సహోద్యోగులకు నేను చెప్పే జవాబు కూడా ఇదే. ఆమె చాప్టర్ పూర్తి చేసుకునే వచ్చి ఉంటే, ఆ తప్పుడు దిగుబడితోనే పూర్తి చేసి తెచ్చేది.

గైడ్‌కి జరిగే నష్టం ఏమిటో కూడా స్కాలర్లకు తెలియాలి. క్షమాపణ దేనికో తెలియకపోతే అది మర్యాద మాటగానే మిగిలిపోతుంది. పోయిన గంట పెద్ద నష్టం కాదు, ఆ గంటలో నేను పేపర్లు దిద్దుకుంటాను. అసలు నష్టం కమిటీ ముందు తెలుస్తుంది. 2022 నాటి యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం స్కాలర్ ప్రతి సెమిస్టర్‌లో రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు తన పని చెప్పుకోవాలి. పురోగతి బాగోలేకపోతే కమిటీ కారణాలు రాసి, దిద్దుకోవడానికి సూచనలిస్తుంది. అవీ అమలు కాకపోతే రిజిస్ట్రేషన్ రద్దుకు సిఫారసు చేయొచ్చు. వారం వారం కలవాలన్న రూలు ఆ నిబంధనల్లో లేదు, అది గైడ్, స్కాలర్ కలిసి పెట్టుకునే ఏర్పాటు. కానీ కమిటీ గదిలో "ఈమె పని ఎక్కడి దాకా వచ్చింది?" అని అడిగితే జవాబు చెప్పాల్సింది నేను. మీటింగులు లేని నెలల తర్వాత నా దగ్గర జవాబు ఉండదు. ఆమె తరఫున నిలబడాలని ఉన్నా దేని మీద నిలబడాలి? ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది దాకా స్కాలర్లు ఉండొచ్చు. రెండు నెలలు కనపడని మనిషి పని గుర్తు తెచ్చుకోవడం గైడ్‌కీ కష్టమే.

అందుకే క్షమాపణ ఎప్పుడు చెబుతున్నారన్నది పెద్ద విషయం. ఫెలోషిప్ కాగితాల మీద సంతకం కావాల్సిన రోజు, కమిటీ తేదీ దగ్గర పడ్డ వారం వచ్చే సారీకి విలువ తక్కువ. మనసులో నిజంగా బాధ ఉన్నా, వినేవాళ్లకు సంతకం కోసమే అనిపిస్తుంది. సంతకం పని ఉంటే అది వేరే రోజు, వేరేగా అడగండి. ఇంకో మాట. కాళ్లకు దండం పెట్టడం, స్వీట్ల డబ్బా తేవడం మన దగ్గర మామూలే, ప్రేమతో చేసేవాళ్లూ ఉన్నారు. కానీ మీటింగులు మానేసిన తర్వాత ఇవి చేస్తే మాట పని మీద నుంచి మనిషి మీదికి పోతుంది. గైడ్ మనసు కరిగిందా లేదా అన్నదే ప్రశ్న అవుతుంది. ఆగిపోయిన టేబుల్ అక్కడే ఉంటుంది.

సారీ చెప్పాక మొదటి నెల ఎలా నడపాలన్నదే ఎక్కువ కష్టం. మళ్లీ మొదలైన మీటింగులు రెండో, మూడో వారంలో ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. తిరిగి వచ్చిన ఉత్సాహంలో స్కాలర్ పెద్ద పని ఒప్పుకుంటారు, గైడ్ కూడా పోయిన టైమ్ రాబట్టాలని ఎక్కువ అడుగుతారు. ఇద్దరూ మంచి ఉద్దేశంతోనే పాత గోతిలో పడతారు. అందుకే మేం ఆ నెల మీటింగ్‌ని ఇరవై నిమిషాలకు కుదించాం. చాప్టర్ ఊసు ఎత్తకూడదని నేనే అన్నాను. ముందు రోజు రాత్రి ఆమె ఒక పేజీ మెయిల్ చేయాలి. అందులో ఈ వారం ఏం చేసింది, ఎక్కడ ఆగింది, వచ్చే వారం ఏ ఒక్క పని చేస్తుంది అన్న మూడు సంగతులే. "ఎక్కడ ఆగింది" అన్నచోట ఏమీ రాయకుండా వస్తే నేను ఒప్పుకోనని చెప్పాను. ఏమీ చేయని వారం కూడా పేజీ రావాలి. "ఈ వారం ఏమీ చేయలేదు, కాగితం ఫారాలు ఇంకా తీయలేదు" అన్న రెండు వాక్యాలైనా సరే. ఆ రెండు వాక్యాలతో మీటింగ్ పది నిమిషాల్లో అయిపోతుంది, కానీ జరుగుతుంది.

రద్దు చేయాల్సి వస్తే ఏం చేయాలో కూడా ముందే అనుకున్నాం. పని కాలేదన్న కారణంతో రద్దు ఉండదు. ఒంట్లో బాగోకపోతే, ఊరెళ్లాల్సి వస్తే ఉంటుంది. అయితే రద్దు చేసే మెసేజ్‌లోనే ఆ వారంలోనే ఇంకో టైమ్ ఉండాలి, గదికి రాలేకపోతే ఫోన్‌లోనైనా. "వచ్చే వారం చూద్దాం" అన్న మాట మాత్రం ఇద్దరం వాడకూడదు. రెండు వారాల ఖాళీ వచ్చిందంటే మనసులో ఆ లెక్క మళ్లీ మొదలవుతుంది. ఫీల్డ్‌వర్క్ రోజుల్లో ఈ పద్ధతి పనిచేయదని ఒప్పుకుంటాను. కోతల కాలంలో ఊళ్లో ఉన్న స్కాలర్‌ని మంగళవారం నాలుగింటికి రమ్మనడంలో అర్థం లేదు. అప్పుడు రైతులు పొలాల నుంచి ఇంటికి చేరే ముందు, సాయంత్రం ఐదు నిమిషాల ఫోన్ సరిపోతుంది. ల్యాబ్‌లో పనిచేసే సైన్స్ స్కాలర్లు రోజూ గైడ్ కళ్ల ముందే ఉంటారు కనుక వాళ్ల ఇబ్బందులు వేరు, వాటి గురించి వాళ్లే చెప్పాలి.

గైడ్‌ల గురించి కూడా ఒక మాట. స్కాలర్ రద్దు చేసినప్పుడల్లా "పర్లేదులేమ్మా, తర్వాత చూద్దాం" అనడం మంచితనంలా కనిపిస్తుంది. దాన్ని విన్న స్కాలర్ మాత్రం, మేడమ్‌కి నా పని మీద పెద్ద పట్టింపు లేదు అనుకుంటుంది. రెండోసారి రద్దయినప్పుడే ఫోన్ చేసి "ఎక్కడ ఆగావమ్మా? ఒక్క టేబుల్ పంపు, చాప్టర్ వద్దు" అని అడగడం గైడ్ బాధ్యత. తిరిగి వచ్చిన రోజు అరిచే గైడ్‌లు కూడా ఉన్నారు. నిజం చెప్పినందుకు తిట్లు తిన్న స్కాలర్ ఇంకోసారి నిజం చెప్పదు, జ్వరమే వస్తుంది. ఇక గైడ్‌లే రద్దు చేసే మీటింగుల సంగతి. పరీక్షల డ్యూటీ, సెలక్షన్ కమిటీ, ఢిల్లీ ప్రయాణం అంటూ మేం రద్దు చేసినప్పుడు స్కాలర్లు ఊరికే తలూపుతారు, ఎదురు చెప్పలేరు. వాళ్లకు పెట్టిన రూలే మాకూ వర్తించాలి. సారీ చెప్పాలి, అదే మెసేజ్‌లో అదే వారంలో ఇంకో టైమ్ ఇవ్వాలి.

ఆ సెమిస్టర్ కమిటీ ముందు ఆమె చాప్టర్ చూపించలేదు. గుంటలు, సెంట్లు విడదీసిన పద్ధతి, కాగితం ఫారాలతో సరిచూసిన పొలాల పట్టిక, దిద్దిన దిగుబడి చూపించింది. చివరి పొలాల దిగుబడి తూము దగ్గర పొలాల కన్నా కిందికి దిగింది, ఉండాల్సినట్టే. రైతులకు ఫోన్ చేసినా తేలని కొన్ని పొలాలను లెక్కలోంచి తీసేశామని కూడా చెప్పింది. పని ఆలస్యమైందని కమిటీ రిపోర్టులో రాసింది, ఎందుకు ఆలస్యమైందో, ఎలా దిద్దారో కూడా రాసింది. నేను దాని కింద సంతకం పెట్టాను, ఏం జరిగిందో నాకు తెలుసు కాబట్టి.